11 కంతులు మనవి, 12వది షాపుది: బంగారు స్కీములో అసలు పడే వడ్డీ ఎంత?

ప్రశ్న: సార్, మాది కడప. ఇక్కడ ఒక నగల షాపులో నెలకు 5,000 చొప్పున 11 నెలలు కడితే 12వ కంతు వాళ్లే వేస్తారట. 55 వేలకు 5 వేలంటే తొమ్మిది శాతమే కదా, బ్యాంకులో ఆర్‌డీ కట్టుకో అంటున్నాడు మా ఆయన. షాపులో పిల్లోడేమో పద్దెనిమిది శాతం పడుతుందక్కా అన్నాడు. ఎవరి లెక్క సరైంది? వచ్చే ఏడాది పాపకు ఒక చైను తీసుకోవాలని ఉంది. చేరమంటారా?

సమాధానం:

అమ్మా, ప్రొద్దుటూరులో నగల షాపుల లెక్కలు చాలా ఏళ్లు రాశాను కాబట్టి ఈ స్కీములు నాకు కౌంటరు అటువైపు నుంచి తెలుసు. మీ ఆయన భాగహారం తప్పు కాదు. కానీ అందులో కాలం లెక్కకు రాలేదు. 55 వేలూ మొదటి రోజే షాపులో పెట్టి, ఏడాది తర్వాత 60 వేలు తీసుకుంటే అది తొమ్మిది శాతం. మీరు అలా పెట్టడం లేదు. మొదటి కంతు 12 నెలలు షాపులో ఉంటుంది, రెండోది 11 నెలలు, అలా తగ్గుతూ పోయి పదకొండో కంతు రెండే నెలలు ఉంటుంది. షాపు ఇచ్చే 5 వేలు ఆ తక్కువ కాలానికే వడ్డీ అన్నమాట.

దీన్ని మన ఊళ్లలో వడ్డీ కట్టే పద్ధతిలోనే లెక్కేయొచ్చు. ఒక్కో కంతు ఎన్ని నెలలు ఉందో కూడండి: 12, 11, 10 అలా 2 దాకా. మొత్తం 77 వస్తుంది. అంటే మీ 11 కంతులన్నీ కలిపితే, ఒకే ఒక్క 5,000 రూపాయల్ని 77 నెలలు అప్పిచ్చినట్టు. ఆ 77 నెలలకు షాపు ఇచ్చిన వడ్డీ 5,000. అసలెంతో వడ్డీ అంతే వచ్చింది కాబట్టి నూరు రూపాయలకు 77 నెలల్లో నూరు రూపాయలు. నెలకు నూటికి రూపాయి ముప్పై పైసలు పడుతుంది. ఏడాదికి పదిహేనున్నర శాతం. మీ ఆయన చెప్పినదానికి ఇది చాలా ఎక్కువే.

మరి షాపు పిల్లోడి పద్దెనిమిది ఎక్కడిది? అదీ గాలిలోంచి వచ్చింది కాదు. కొన్ని షాపుల్లో పదకొండో కంతు కట్టిన నెలకే, అంటే మొదటి కంతు నుంచి సరిగ్గా 11 నెలలకే నగ తీసుకోవచ్చు. అప్పుడు 11 నుంచి 1 దాకా కూడాలి, 66 వస్తుంది. నూరు రూపాయలకు 66 నెలల్లో నూరు అంటే నెలకు నూటికి రూపాయిన్నర, ఏడాదికి పద్దెనిమిది. కాబట్టి మీరు చూడాల్సింది కార్డు వెనకాల నగ ఇచ్చే తేదీ గురించి ఏం రాశారన్నది. 330 రోజులా, 365 రోజులా? ఆ ఒక్క నెల తేడాకే వడ్డీ రెండున్నర శాతం మారుతుంది.

బ్యాంకు వాళ్ల మాదిరి చక్రవడ్డీతో చూడాలంటే కంప్యూటర్లోనో ఫోన్లోనో ఎక్సెల్ తెరిచి, A1 నుంచి A11 దాకా ఒక్కో గడిలో -5000 వేయండి, A12లో 0, A13లో 60000. ఖాళీ గడిలో ఇది రాయండి:

```
=IRR(A1:A13)*12
```

దాదాపు 14.9 శాతం చూపిస్తుంది. చేతి లెక్కలో పదిహేనున్నర వచ్చింది కదా, ఇది కాస్త తగ్గడానికి కారణం వడ్డీ మీద వడ్డీని కూడా లెక్కలోకి తీసుకోవడమే. మన అవసరానికి చేతి లెక్క చాలు, కింద అంతా దానితోనే చెబుతాను.

ఇక్కడే ఇంకో చిన్న మాట. స్కీము ఆషాఢంలో పూర్తయిందనుకోండి. ఆషాఢంలో ఎందుకులే, శ్రావణం రానీ అని చాలామంది ఒక నెల ఆగుతారు. షాపు ఆ నెలకు పైసా అదనంగా ఇవ్వదు. మీ 11 కంతులూ ఇంకో నెల ఊరికే కూర్చుంటాయి, 77 కాస్తా 88 అవుతుంది, వడ్డీ పదమూడున్నరకు దిగుతుంది. చేరే నెల ఎంచుకునేటప్పుడు పూర్తయ్యే నెల ఏదో చూసుకుంటే ఈ నష్టం ఉండదు.

సరే, పదిహేనున్నర శాతం. బ్యాంకు ఆర్‌డీ ఆరున్నర శాతానికి కాస్త అటూ ఇటూ ఇస్తుంటే, నగల షాపు అంతకు రెట్టింపు ఎలా ఇవ్వగలుగుతుంది? అసలు చూడాల్సింది ఇక్కడే. షాపు ఆ 5 వేలు నోటు రూపంలో ఇవ్వదు, నగలోనే ఇస్తుంది. నగలో బంగారం రేటు ఊరంతా ఒకటే, అందులో షాపుకు ఆడుకోవడానికి చోటు లేదు. ఉన్నదంతా తరుగులోనే. మజూరీ అన్నా, వి.ఏ. అన్నా మా కౌంటర్లలో చివరికి అదే గీత. నగ చేసేటప్పుడు నిజంగా పోయే బంగారం, పనివాడి కూలి అందులో కొంత భాగమే. మిగిలింది షాపు లాభం. అందుకే ఆ శాతం మనిషిని బట్టి మారుతుంది. రొక్కం పట్టుకుని, నాలుగు షాపులు తిరిగి, లేచి వెళ్లిపోబోయే మనిషికి ఒక శాతం. కార్డు చేతిలో ఉండి, ఇంకెక్కడికీ పోలేని మనిషికి ఇంకో శాతం.

మీ చైనుకే లెక్క వేద్దాం. సులువుగా ఉండేందుకు 22 క్యారెట్ల గ్రాము 10,000 అనుకుందాం, చైను 5 గ్రాములు. బంగారం విలువ 50,000.

స్కీము కార్డుతో వెళ్లారు. ట్యాగు మీద తరుగు 16 శాతం ఉంది. కార్డు వెనకాల చిన్న అక్షరాల్లో ‘స్కీము సభ్యులకు ఇతర తగ్గింపులు వర్తించవు’ అని ఉంటుంది, కాబట్టి ఆ 16 శాతమే. తరుగు 8,000 కలిపితే 58,000. దాని మీద జీఎస్టీ మూడు శాతం, 1,740. మొత్తం 59,740. మీ 60 వేలలో చైను వచ్చేసింది, 260 మిగిలింది. ఇంటికొచ్చి 55 వేలు కట్టి 60 వేల నగ తెచ్చానని సంతోషపడతారు.

అదే చైనుకు, అదే షాపులో, కార్డు మాట ఎత్తకుండా రొక్కంతో కూర్చున్నారనుకోండి. కాసేపు బేరమాడితే తరుగు 10 శాతానికి దిగింది. 50,000కు 5,000 కలిపితే 55,000, జీఎస్టీ 1,650. మొత్తం 56,650. ఆ చైను అసలు ధర మీకు ఇది, 59,740 కాదు.

ఇప్పుడు స్కీములో మీకు నిజంగా మిగిలిందెంత? మీరు కట్టింది 55,000. చేతికి వచ్చింది 56,650కి దొరికే చైను, 260 రూపాయలు. కలిపి 56,910. లాభం 1,910. షాపు ఇచ్చిన 5 వేలలో 3,090 రూపాయలు తరుగు గీతలోంచి వెనక్కి వెళ్లిపోయాయి. 5,000కు 77 నెలల్లో 1,910 అంటే నెలకు నూటికి అర్ధరూపాయి వడ్డీ, ఏడాదికి ఆరు శాతం.

పోనీ ఆర్‌డీ కట్టి ఉంటే? అదే తేదీల్లో అదే 5 వేలు ఆరున్నర శాతానికి వేస్తే ఏడాది చివర వడ్డీ దాదాపు 2,085. చేతిలో 57,085 రొక్కం ఉంటుంది. చైను 56,650కి కొని, ఇంకా నాలుగు వందల పైన మిగుల్చుకుని రావొచ్చు. పైగా ఆ రోజు ఆ షాపులో మోడలు నచ్చకపోతే పక్క షాపుకు పోవచ్చు. అంటే ఈ సందర్భంలో మీ ఆయన లెక్క తప్పయినా, సలహా మాత్రం సరిపోయింది.

కాబట్టి స్కీము మంచిదా కాదా అన్నది కంతుల దగ్గర తేలదు. స్కీము మనిషికి వేసే తరుగుకూ రొక్కం మనిషికి వేసే తరుగుకూ మధ్య తేడా ఎంత అన్నదాని దగ్గరే తేలుతుంది. మన 5 గ్రాముల చైనులో తరుగు ఒక శాతం పెరిగితే జీఎస్టీతో కలిపి 515 రూపాయలు. షాపు ఇచ్చే 5 వేలలోంచి ఆర్‌డీలో ఎలాగూ వచ్చే 2,085 తీసేస్తే 2,915 మిగులుతుంది. దాన్ని 515తో భాగిస్తే అయిదున్నర పైన. అంటే తరుగులో తేడా అయిదు శాతం లోపు ఉంటే స్కీమే మేలు. ఆరు దాటితే ఆర్‌డీ మేలు. తేడా అసలే లేకపోతే మీకు ఆ పదిహేనున్నర శాతం నిజంగానే పడినట్టు, అంత వడ్డీ ఏ బ్యాంకూ ఇవ్వదు. ఈ లెక్క నగ ఎంత పెద్దదైనా దాదాపు ఇలాగే ఉంటుంది, ఎందుకంటే కంతు పెరిగితే బోనసూ పెరుగుతుంది, బంగారమూ పెరుగుతుంది.

ఈ తేడా ముందే తెలుసుకోవడం కష్టమేం కాదు. చేరకముందే ఒక సాయంత్రం ఆ షాపుకు వెళ్లి, రాళ్లూ పూసలూ లేని మామూలు చైను ఒకటి ఎంచుకోండి. రొక్కం ఇస్తాం, ఎస్టిమేషన్ వేయండని అడగండి. స్లిప్పు మీద మొత్తం తూకం, నికర తూకం, ఆ రోజు రేటు, తరుగు శాతం, జీఎస్టీ ఉంటాయి. మీరు చూడాల్సింది తరుగు శాతం. బేరమాడి ఎక్కడికి దిగుతారో చూసి, ట్యాగు మీది నంబరు రాసుకోండి. ఇంకో రోజు ఇంట్లో వేరే వాళ్లను పంపండి. స్కీము పూర్తయింది, ఇలాంటి చైనుకు తరుగు ఎంత వేస్తారని అడగమనండి. రెండు శాతాలూ పక్కపక్కన పెట్టుకుంటే మీ జవాబు అక్కడే ఉంటుంది. పండగ ముందు రోజుల్లో మాత్రం పోకండి, అప్పుడు బేరానికి ఎవరూ తీరిగ్గా కూర్చోరు. ‘అప్పుడు చూసుకుందాంలే అక్కా, మీకు చేసిపెడతాం’ అంటే అది శాతం కాదు, మాట. కార్డు మీద గానీ రసీదు మీద గానీ తరుగు ఇంతకు మించదని రాసి, సంతకం పెట్టి ఇస్తేనే దాన్ని లెక్కలోకి తీసుకోండి. చిన్న షాపుల్లో యజమానితో పరిచయం ఉంటే ఇలా రాసిస్తారు, నేను చూశాను.

నికర తూకం అన్నాను కదా, అది కూడా ఒకసారి చూడండి. చైనుకు పెద్దగా ఇబ్బంది లేదు. కమ్మలకో నల్లపూసల దండకో వెళ్తే రాళ్ల బరువు, పూసల బరువు తీసేశాకే బంగారం రేటు కట్టాలి. అలాంటి వాటికి తరుగు ఎలాగూ ఎక్కువ, స్కీము వాళ్లకు ఇంకా ఎక్కువ పడే అవకాశమూ వాటిలోనే. నాణేలకు, బిస్కెట్లకు చాలా షాపుల్లో ఈ బోనసు అసలు వర్తించదు. వాటిలో తరుగు తక్కువ కాబట్టి ఇచ్చింది వెనక్కి లాక్కోవడానికి దారి ఉండదు మరి.

మీరు తిరిగేటప్పుడు ఇంకో రకం స్కీము కూడా కనిపిస్తుంది. అందులో బోనసు కంతు ఉండదు, బదులుగా 18 శాతం వరకు తరుగు లేదు అంటారు. నా వరకు నాకు ఇదే నచ్చుతుంది, మీలాగా మామూలు చైను కొనేవాళ్లకు ముఖ్యంగా. 55 వేలలోంచి జీఎస్టీ తీస్తే 53,398, తరుగు లేకుండా 5.34 గ్రాముల చైను వస్తుంది. రొక్కంతో 10 శాతం తరుగుకు బేరమాడి అదే చైను కొంటే 60,500 అవుతుంది. లాభం 5,500, నెలకు నూటికి రూపాయి నలభై పైసల పైన. ఇందులో గొప్పేమిటంటే, షాపు తరుగు పెంచి లాక్కునే గీతే లేదు. కాకపోతే 18 శాతం దాటే నగ ఎంచుకుంటే పై శాతం మీరే కట్టాలి. మీరు చూసిన మోడళ్లన్నిటికీ తరుగు 22, 24 శాతం అని ట్యాగులు వేసుంటే మాత్రం అనుమానించండి.

బంగారం రేటు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్నీ వడ్డీనీ కలిపేస్తారు. మీ స్కీములో కంతులు రూపాయల్లో జమ అవుతాయా, గ్రాముల్లోనా అన్నది అడగండి. రూపాయల్లో అయితే 12వ నెల ఉన్న రేటుకే నగ వస్తుంది. ఏడాదిలో బంగారం పెరిగితే ఆ పెరుగుదల మీకు రాదు. గ్రాముల్లో అయితే ఏ నెల కట్టింది ఆ నెల రేటుకే బంగారం తూకంగా జమ పడుతుంది. సగటున 9,500 రేటుకు మీ 55 వేలు జమ అయ్యాయనుకుంటే 5.79 గ్రాములు, చివర్లో రేటు 10,000 అయితే దాని విలువ దాదాపు 57,900, బోనసు దాని పైన. రేటు తగ్గితే ఇదే తిరగబడుతుంది. నగ ఎలాగూ కొనాల్సిందే అన్నవాళ్లకు గ్రాముల పద్ధతి కాస్త నిశ్చింత, చివర్లో రేటు ఎగిరినా టెన్షన్ ఉండదు. అయితే రేటు పెరిగినందుకు వచ్చింది షాపు ఇచ్చిన వడ్డీ కాదు, బంగారం ఇచ్చింది. ‘మా స్కీములో ముప్పై శాతం వచ్చింది’ అని ఎవరైనా చెబితే, అందులో షాపుది ఎంత, రేటుది ఎంత అని విడదీయండి. పైన ఆర్‌డీతో పోల్చిన లెక్క రూపాయల పద్ధతికి సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే ఆర్‌డీ కట్టినా చివరి రేటుకే కదా కొనేది.

మధ్యలో ఆపేస్తే ఏమవుతుందో కార్డు మీదే ఉంటుంది. మామూలుగా బోనసు పోతుంది, కట్టింది మాత్రం నగగా ఇస్తారు, కొందరు రొక్కమే ఇస్తారు. ఒక నెల ఆలస్యమైతే బోనసు తగ్గించే షాపులూ ఉన్నాయి.

చివరిగా, డబ్బు భద్రత. ఆర్‌డీకి అయిదు లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది, నగల స్కీముకు అది లేదు. చట్టం దృష్టిలో మీరు కట్టేది సరుకు కోసం ఇచ్చిన అడ్వాన్సు. 2014లో వచ్చిన కంపెనీల డిపాజిట్ నియమాల ప్రకారం ఆ అడ్వాన్సుకు కంపెనీ 365 రోజుల్లోపు సరుకు ఇచ్చేయాలి, లేకపోతే అది డిపాజిట్ కింద లెక్క. ఈ స్కీములన్నీ 11 నెలల దగ్గరే ఆగడానికి కారణం ఇదే, అంతకుముందు రెండు మూడేళ్ల స్కీములు కూడా నడిచేవి. కానీ ఆ నియమాలు కంపెనీలకు. మన ఊళ్లలో చాలా షాపులు ఒక్కరి పేరు మీదో భాగస్వామ్యం మీదో నడుస్తాయి. అలాంటి షాపు మూతపడితే మీరు నలుగురు అప్పులవాళ్లలో ఒకరు అవుతారు, అంతే. బ్యాంకు అప్పు తీరాకే మీ వంతు. పైగా పదకొండో కంతు కట్టిన రోజునే మీ డబ్బు అన్నిటికంటే ఎక్కువ వాళ్ల దగ్గర ఉంటుంది.

అందుకని మీ విషయంలో నేను చెప్పేది: తరుగు తేడా నాలుగు శాతం లోపు ఉందని స్లిప్పుల్లో తేలితే, షాపు మీకు ఏళ్లుగా తెలిసినదైతే, నెలకు 5 వేలతో చేరండి. తేడా అయిదు దాటితే వదిలేయండి, అంత చిన్న లాభానికి ఈ రిస్కు దండగ. ప్రతి కంతూ బ్యాంకు ఖాతా నుంచో యూపీఐ నుంచో కట్టండి, షాపు పేరు మీద ఉన్న ఖాతాకే, అక్కడ పనిచేసే పిల్లోడి నంబరుకు వద్దు. నగ తీసుకునే రోజు హాల్‌మార్కు పక్కన ఉండే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసి, 22 క్యారెట్లు, 916 అని వచ్చాకే కార్డు వాళ్ల చేతికివ్వండి.